గట్టిగా తోమినంత మాత్రాన పళ్ళు తెల్లబడవు

పళ్ళు తోముకోవడం గురించి మన హాస్టళ్ళలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. ఎంత గట్టిగా తోమితే అంత తెల్లగా అవుతాయని, గరుకు బ్రష్ అయితే ఎక్కువ రోజులు వస్తుందని అందరూ అనుకుంటారు. ఈ రెండూ తప్పేనని, వీటివల్ల జరిగే నష్టం తిరిగి పూడదని మా అభిప్రాయం. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

పంటి పైభాగాన్ని ఎనామిల్ అనే పొర కప్పి ఉంటుంది. మన శరీరంలో దానికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. అయితే ఆ ఎనామిల్ చిగురు అంచు దగ్గరకు వచ్చేసరికి పలచబడి ఆగిపోతుంది. దాని కింద ఉండే వేరు భాగం చాలా మెత్తన. చిగురు దాన్ని దుప్పటిలా కప్పి కాపాడుతుంది. గరుకు బ్రష్‌తో రంపం కోసినట్టు అడ్డంగా రుద్దితే మొదట చిగురు కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది. ఆ తర్వాత బయటపడిన మెత్తని భాగం అరిగి, పంటి మెడ దగ్గర గాడి పడుతుంది. ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. జరిగిపోయిన చిగురు దానంతట అది వెనక్కి రాదు.

మాకు తెలిసిన ఒక అన్న సంగతే చెబుతాం. ఆయనది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఊరు. చిన్నప్పటి నుంచీ ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి. అవి పోవాలని గరుకు బ్రష్‌తో, ఒక్కోసారి ఇటుక పొడితోనూ, బొగ్గుతోనూ ఏళ్ళ తరబడి రుద్దాడు. మచ్చలు పోలేదు. ఇంటర్ చదివే రోజుల్లో చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే పైవరుసలో ఎడమవైపు జివ్వుమనడం మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు చూసి, ఎడమవైపు కోరపన్ను, దాని పక్క పన్ను మెడల దగ్గర గాళ్ళు పడ్డాయని చూపించారు. కుడిచేత్తో తోముకునేవాళ్ళకు ఎడమవైపు ఆ మూలమలుపు దగ్గరే చేతి బలం ఎక్కువగా పడుతుందట.

డాక్టరు చెప్పిన రెండో మాట ఇంకా ముఖ్యం. ఫ్లోరైడ్ మచ్చ పంటి మీద అంటుకున్న మురికి కాదు. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ లోపల పడిన మచ్చ అది. ఏ బ్రష్షూ, ఏ పొడీ దాన్ని తీయలేదు. పైగా మచ్చలు ఎక్కువగా ఉన్న ఎనామిల్ గుల్లగా ఉండి, రుద్దుడుకు తొందరగా పెచ్చులూడుతుంది. ఆ మచ్చలు బాధ కలిగిస్తే వాటికి డాక్టరు దగ్గర చేసే చికిత్సలు వేరే ఉన్నాయి. కాబట్టి మచ్చలున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ సిగ్గుపడి పళ్ళను శిక్షించవద్దు. తోటివాళ్ళు కూడా ఆ పళ్ళను చూసి, తోముకోరా అని ఎగతాళి చేయవద్దు. ఆ ఎగతాళే ఆ అన్న చేతికి ఇటుక పొడి అందించింది.

అన్న ఆ రోజు నుంచి సాఫ్ట్ బ్రష్‌కు మారి, తోమే పద్ధతి మార్చుకున్నాడు. గాళ్ళను డాక్టరు సిమెంటుతో పూడ్చారు. మూడు నెలలకు జివ్వుమనడం బాగా తగ్గింది. జరిగిన చిగురు మాత్రం అక్కడే ఉంది, కానీ ఇంకా జరగకుండా ఆగింది.

ఆ పద్ధతిని బాస్ పద్ధతి అంటారు. చార్లెస్ బాస్ అనే అమెరికా వైద్యుని పేరు మీద వచ్చింది. నేర్చుకోవడానికి మన జామెట్రీ బాక్సు చాలు. అందులో రెండు భుజాలు సమానంగా ఉన్న మూలమట్టం తీసుకోండి. దాని వాలు అంచు 45 డిగ్రీల కోణం చేస్తుంది. మన బ్రష్ పోగులు పంటి మీద ఆ వాలులోనే ఆనాలి, వాటి కొసలు చిగురు వైపు చూడాలి. అంటే పైపళ్ళకు కొసలు పైకి, కిందిపళ్ళకు కిందికి. పోగులు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండాలి. మురికి దాక్కునేది ఆ సందులోనే.

బ్రష్‌ను పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి, బలం దానంతట అదే తగ్గుతుంది. పేస్టు బఠానీ గింజంత చాలు. రెండు మూడు పళ్ళ దగ్గర ఆనించి, ఉన్నచోటనే వణికించినట్టు పది పదిహేను సార్లు చిన్నగా కదపండి. తర్వాత పోగులను చిగురు వైపు నుంచి పంటి కొస వైపుకు ఊడ్చినట్టు తిప్పి, పక్క పళ్ళకు జరగండి. లోపలి వైపూ ఇంతే. ముందు పళ్ళ లోపలి వైపుకు బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. నమిలే భాగం మీద మాత్రం ముందుకూ వెనక్కూ తోమవచ్చు. నోటిని నాలుగు భాగాలనుకుంటే ఒక్కో భాగానికి అరనిమిషం, మొత్తం రెండు నిమిషాలు.

కుళాయి దగ్గర వరుసలో వెనకవాడు తొందరపెడుతుంటే రెండు నిమిషాలెలా అంటారా? తోమడానికి కుళాయి అక్కర్లేదు. మగ్గుతో నీళ్ళు పట్టుకుని పక్కకు వచ్చి నిలబడితే చాలు. రాత్రి వరుస ఉండదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పడుకునే ముందు తోమడమే ఎక్కువ అవసరం. చింతకాయ, నిమ్మకాయ, కూల్‌డ్రింకు వంటి పులుపు తగిలిన వెంటనే ఎనామిల్ కాస్త మెత్తబడి ఉంటుంది. అప్పుడు నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి.

బలం ఎక్కువవుతోందో లేదో బ్రష్షే చెబుతుంది. నెల తిరక్కుండానే పోగులు చీపురులా విచ్చుకుంటే చేతిలో తప్పున్నట్టే. సరిగా వాడిన బ్రష్‌ను కూడా మూడు నెలలకోసారి మార్చాలి. ఇక చిగుళ్ళ నుంచి రక్తం వస్తే భయపడి తోమడం మానేస్తారు కొందరు. చాలాసార్లు ఆ రక్తం అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందనడానికి గుర్తు. సాఫ్ట్ బ్రష్‌తో సున్నితంగా తోముతూ ఉంటే ఒకటి రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. రాయిలా గట్టిపడిన గారను కూడా డాక్టరే తీయాలి, బ్రష్‌తో గీకితే చిగురే తెగుతుంది.

వేపపుల్ల సంగతి అడిగేవాళ్ళున్నారు. కొసను కుచ్చులా మెత్తగా నమిలి, చిగురు నుంచి పంటి కొసకు నెమ్మదిగా తోమితే తప్పులేదు. నమలని పుల్లతో అడ్డంగా రుద్దితే గరుకు బ్రష్‌కూ దానికీ తేడా లేదు.

చివరగా మా కోరిక రెండు ముక్కల్లో. కాస్మోటిక్ ఛార్జీల డబ్బుతో బ్రష్ కొనేటప్పుడు అట్ట మీద 'సాఫ్ట్' అని ఉందో లేదో చూసి కొనండి. హాస్టల్‌కు ఒకేసారి బ్రష్‌లు తెప్పించేటప్పుడు వార్డెన్ గారు కూడా ఆ ఒక్క మాట దుకాణదారుకు చెప్పాలి. కొత్తగా చేరిన అయిదో తరగతి పిల్లలకు సీనియర్లు మొదటి వారంలోనే మూలమట్టం పట్టుకుని ఆ కోణం చూపించాలి.