కాగితం వెనుక మాల్ ఉందా? కామర్స్ పిల్లలకు రెండు సినిమాలు

మా మెట్‌పల్లిలో ఇంటర్ సి.ఇ.సి., బి.కాం. చదివే పిల్లలు కొందరు సాయంత్రం నా దగ్గర కూర్చుంటారు. వాళ్లకు నేను సినిమాలు చూడమని చెప్తానని తెలిసి ఒక అబ్బా నన్ను నిలదీశారు. "సాబ్, మేం ఇంట్లో టీవీ బంద్ చేయిస్తుంటే మీరు సినిమా చూడమంటారా?" ఆయన సవాల్ వాజిబే. అందుకే జవాబ్ కాస్త తఫ్సీల్‌గా రాస్తున్నాను.

బిజినెస్ సినిమాలని నెట్‌లో తిరిగే జాబితాల్లో చాలావరకు అమెరికా షేర్ మార్కెట్ కథలే ఉంటాయి. అక్కడి ఇళ్ల అప్పుల గొడవ కోరుట్ల బస్సెక్కి కాలేజీకి పోయే పిల్లకు తలకెక్కదు. సినిమాకు నేను పెట్టే షరతు ఒక్కటే. అందులో ఒక రూపాయి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో ఆపి ఆపి కాపీలో రాసుకోగలగాలి. ఆ లెక్కన నా దగ్గర రెండే నిలిచాయి: 2024 దీపావళికి వచ్చిన 'లక్కీ భాస్కర్', 1976 నాటి శ్యామ్ బెనెగల్ 'మంథన్'.

'లక్కీ భాస్కర్' మన తెలుగు సినిమా. కథ 1990 ప్రాంతంలో బొంబాయిలో నడుస్తుంది. బ్యాంక్ క్యాషియర్ భాస్కర్ (దుల్కర్ సల్మాన్) సెలవుకు ముందు బ్యాంకు నగదు చాటుగా తీస్తాడు, విదేశీ సరుకు వ్యాపారంలో తిప్పుతాడు, బ్యాంకు తెరిచేసరికి తిరిగి పెట్టేస్తాడు. ఇక్కడ పాజ్ నొక్కించి, "దీనికి జర్నల్ ఎంట్రీ రాయండి" అన్నాను. ఎవరూ రాయలేకపోయారు. ఎందుకంటే ఎంట్రీయే లేదు, వోచర్ లేదు. శనివారం క్యాష్ బుక్ 10 లక్షలు ఉన్నాయంటుంది, ఖజానాలో ఉన్నవి 8 లక్షలే. సోమవారం పొద్దున మళ్లీ 10. ట్రయల్ బ్యాలెన్స్ రెండు రోజులూ బరాబర్ కుదురుతుంది. పుస్తకం కుదిరినంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదన్న సంగతిని పాఠ్యపుస్తకం ఒక్క లైనులో చెప్పి వదిలేస్తుంది. సినిమాలో అది కళ్ల ముందు కనబడుతుంది.

అప్పుడే ఒక పిల్లవాడు అడిగాడు. "తిరిగి పెట్టేశాడు కదా సార్, ఎవరికి నుక్సాన్?" ఈ సినిమాలో అసలు ఖతరా ఇదే. ఆ సరుకు దారిలో పట్టుబడి ఉంటే 2 లక్షలు ఎవరివి పోయేవి? డిపాజిట్‌దారులవి. సరుకు అమ్ముడైతే ఫాయిదా ఎవరిది? భాస్కర్‌ది. ముజారబత్‌లోనూ ఒకరి డబ్బుతో మరొకరు వ్యాపారం చేస్తారు. కానీ అక్కడ డబ్బు యజమానికి సంగతి తెలుసు, రజామందీ ఉంది, లాభంలో హిస్సా ఉంది. ఇక్కడ మూడింటిలో ఒక్కటీ లేదు. అది అమానత్‌లో ఖయానత్, డబ్బు తిరిగి వచ్చినా సరే. ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పాలి. బ్యాంకు ఖజానాకు రెండు తాళంచెవులుంటాయి, అవి ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒక్కడే తెరవలేడు. పైగా ఎప్పుడు పడితే అప్పుడు నగదు తనిఖీ జరగవచ్చు. నిజంలో ఇంత సులువు కాదు.

రెండో సగంలో వచ్చే బ్యాంక్ రసీదుల వ్యవహారం సినిమాలో వేగంగా దాటిపోతుంది. దాన్ని నేను మన మార్కెట్ యార్డుతో చెప్పాను. ఒక సేటు మీకు పది బస్తాల పసుపు అమ్మాడు, పైసలు తీసుకున్నాడు. మాల్ మాత్రం గోదాములోనే ఉంది. చేతికి ఒక చిట్టీ ఇచ్చి, "ఇది చూపిస్తే బస్తాలు ఇస్తాం" అన్నాడు. ఆ చిట్టీయే రసీద్. బ్యాంకుల మధ్య పసుపుకు బదులు ప్రభుత్వ బాండ్లు ఉండేవి. అప్పట్లో బ్యాంకులు తమ డిపాజిట్లలో వందకు 38 రూపాయలకు పైగా ఇలాంటి సెక్యూరిటీల్లో ఉంచాలన్న నియమం ఉండేది. నగదు అవసరమైన బ్యాంకు బాండ్లను ఈరోజు అమ్మి, పదిహేను రోజుల తర్వాత కాస్త ఎక్కువ ధరకు తిరిగి కొంటానని ఒప్పుకునేది. దీన్నే రెడీ ఫార్వర్డ్ అంటారు.

అంకెలు వేసి చూద్దాం. 10 కోట్లకు అమ్మి, పదిహేను రోజులకు 10 కోట్ల 6 లక్షలకు తిరిగి కొన్నారనుకోండి. మధ్యలో తేడా 6 లక్షలు. ఏడాదికి లెక్కేస్తే సుమారు 14.6 శాతం. పేరుకు ఖరీదు-ఫరోఖ్త్, అసలు మతలబ్ సూద్ మీద అప్పు. ఈ ఒక్క లెక్కతో పిల్లలకు రూపానికీ అసలు విషయానికీ మధ్య తేడా ఎక్కడుందో అర్థమైంది.

ఇప్పుడు మధ్యలోకి బ్రోకర్ వస్తాడు. చెక్కు అతని ఖాతాలోకి పోతుంది. ఏ బాండూ లేకుండానే ఒక చిన్న బ్యాంకు రసీదు రాసిచ్చేస్తుంది. గోదాములో పసుపు లేదు, చిట్టీ మాత్రం ఉంది. ఆ డబ్బు షేర్లలోకి పోతుంది, ధరలు లేస్తాయి. సినిమాలో హర్షా మెహ్రా అన్న పాత్ర వెనుక ఉన్నది హర్షద్ మెహతా. 1992 ఏప్రిల్ 23న సుచేతా దలాల్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆ ఖబర్ బయటపెట్టారు. జానకీరామన్ కమిటీ లెక్కలో తేలిన మొత్తం 4 వేల కోట్లు దాటింది. ఖాళీ రసీదులు ఇచ్చిన బ్యాంక్ ఆఫ్ కరాడ్ లిక్విడేషన్‌లోకి పోయింది. ఆ ఏప్రిల్‌లో 4,400 దాటిన సెన్సెక్స్ ఏడాది తిరిగేసరికి సగానికి పడింది.

సినిమాలో భాస్కర్ తప్పించుకుంటాడు, హాలంతా చప్పట్లు కొడుతుంది. అందుకే నేను ఈ సినిమాను పిల్లలకు ఒంటరిగా చూడమని చెప్పను. పక్కన ఒక పెద్దవాళ్లు కూర్చుని, ఆ డబ్బు ఎవరి ఇంటి నుంచి పోయిందో అడగాలి.

'మంథన్' దీనికి పూర్తిగా ఉల్టా. హిందీ సినిమా, సంభాషణలు కైఫీ ఆజ్మీవి. మన ఇళ్లలో అమ్మీ, నానీ కూడా సాఫ్‌గా అర్థం చేసుకుంటారు. అసలు పాఠం సినిమా మొదలవక ముందే ఉంది. దీన్ని తీయడానికి గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. మొత్తం 10 లక్షలు. షేర్ క్యాపిటల్ అంటే ఏమిటని అడిగే పిల్లకు ఇంతకంటే సీదా మిసాల్ నా దగ్గర లేదు.

కథలో పల్లె ఆడవాళ్లు పాలు తెస్తారు, ప్రైవేటు డెయిరీ యజమాని మిశ్రా (అమ్రీష్ పురి) తనకు తోచిన ధర ఇస్తాడు. డాక్టర్ రావు (గిరీష్ కర్నాడ్) వచ్చి పాలలో వెన్న శాతం పరీక్షిస్తాడు. దీన్ని కాపీలో ఇలా రాయించాను. కిలో వెన్నకు 800 రూపాయలనుకోండి. 7 శాతం ఉన్న లీటరుకు సుమారు 56 రూపాయలు, 5 శాతం ఉన్నదానికి 40. లీటరు లెక్కన ఇద్దరికీ ఒకటే ధర ఇస్తే నీళ్లు కలిపిన మనిషికే లాభం. వెన్న లెక్కన ఇస్తే నీళ్లతో ఒక్క పైసా పెరగదు. కొలత అమ్మేవాళ్ల కళ్ల ముందు జరగనంత కాలం ధర కొనేవాడి చేతిలోనే ఉంటుంది. మన యార్డులో పసుపు తేమ చూసే దగ్గర మీ అబ్బాజాన్ ఎందుకు గొడవ పడతారో ఇప్పుడు అర్థమైందా అంటే అందరూ నవ్వారు.

సంఘంలో సర్పంచ్‌కు పెత్తనం ఎందుకు దక్కదన్నది మరో మంచి పాయింట్. కంపెనీలో షేరుకు ఒక ఓటు, సహకార సంఘంలో మనిషికి ఒక ఓటు. పదిహేను బర్రెలున్నా ఒక్క బర్రె ఉన్నా ఓటు ఒకటే. బి.కాం. పరీక్షలో ఏటా వచ్చే ఈ తేడాను పిల్లలు కంఠస్తం చేస్తారు, కానీ అది ఎవరికి మింగుడు పడదో ఈ సినిమాలోనే తెలుస్తుంది.

ఒక కమీ కూడా ఉంది. చివరికి రావు వెళ్లిపోతాడు, భోలా సంఘాన్ని నడుపుతాడు. కానీ పట్నం నుంచి పైసలు రాకముందే ఈరోజు పాలకు ఈరోజు డబ్బు ఎక్కడి నుంచి ఇస్తారో సినిమా చూపించదు. వర్కింగ్ క్యాపిటల్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేను ఆ ఖాళీనే పిల్లలకు హోంవర్క్‌గా ఇచ్చాను: రోజుకు 200 లీటర్లు, లీటరుకు సగటున 50 రూపాయలు, పట్నం చెల్లింపు పది రోజులకు ఒకసారి. సంఘం చేతిలో ముందుగా ఎంత ఉండాలి? లక్ష అని తెచ్చారు. మరి పాలు విరిగిన రోజు సంగతేమిటని ఒక అమ్మాయి తానే అడిగింది. దాని లెక్క ఇంకా తేలలేదు.