కోసపాళయం బడిలో కుమ్మరి పాఠం: ఎవరి పిల్లలకు? ఏ పాఠానికి?

బడిని ఊరికి దగ్గర చేయాలన్న మాట ఇప్పుడు ప్రతి ప్రభుత్వమూ అంటోంది. తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు–మన బడి’ పూర్వ విద్యార్థులను పిలిచింది. పది లక్షల రూపాయలిచ్చిన దాత కోరిన పేరు తరగతి గదికి, కోటి ఇస్తే బడికే పెడతామంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ఒకటి డబ్బు కోసం, రెండోది హాజరు కోసం. పిల్లవాడు చదివే పాఠంలోకి ఊరు ఎలా రావాలన్నది మాత్రం ఈ రెండింటికీ బయటే ఉండిపోయింది.

ఆ ప్రశ్నను పరీక్షించి చూడడానికి పుదుచ్చేరి పట్టణంలోని కోసపాళయం మంచి చోటు. తమిళ వాడుకలో ‘కొసవర్’ అంటే కుమ్మరులు. పేట పేరు ఆ మాటనే గుర్తు చేస్తుంది. పుదుచ్చేరి ప్రాంతంలో మట్టిపని ఇంకా బతికే ఉంది. పక్కనున్న విలియనూరు టెర్రకోటకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ కళలో వి.కె. మునుసామి పద్మశ్రీ అందుకున్నారు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పుణ్యమా అని ఎక్కువ వేడిలో కాల్చే స్టోన్‌వేర్ పని కూడా ఇదే పట్టణంలో వేళ్లూనుకుంది. అంటే ఇక్కడి బడికి మట్టి తెలిసిన పెద్దలు, మట్టితో వ్యాపారం చేసేవాళ్లు ఇద్దరూ అందుబాటులో ఉన్నారు.

తలుపు తెరిచిన నిబంధన

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా పిల్లలు స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలంటుంది. వడ్రంగులు, తోటమాలులతో పాటు కుమ్మరులను పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ తరువాత వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఈ తరగతుల్లో వృత్తి విద్యకు ఏడాదికి 110 గంటలు కేటాయించింది. ఎన్‌సీఈఆర్‌టీ ‘కౌశల్ బోధ్’ అనే పుస్తకాలు తెచ్చింది.

పుదుచ్చేరికి ఇది దూరపు సంగతి కాదు. ఒకప్పుడు పుదుచ్చేరి, కారైక్కాల్ బడులు తమిళనాడు పాఠాలను, మాహే కేరళ పాఠాలను, మన యానాం ఆంధ్రప్రదేశ్ పాఠాలను అనుసరించేవి. 2023–24 నుంచి ప్రభుత్వ ఉన్నత బడులు దశలవారీగా సీబీఎస్ఈలోకి మారాయి. కాబట్టి కోసపాళయంలో కుదిరిన పద్ధతి యానాంలోనూ కుదరాలి.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయాలి. సాధారణంగా ఆ ప్రణాళికలో గదులు, మరుగుదొడ్లు, ప్రహరీ ఉంటాయి. పాఠం ఉండదు. కుమ్మరి పాఠాన్ని అందులో ఒక అంశంగా రాయడమే మొదటి పని. లేకపోతే అది ఒక టీచరు ఉత్సాహంగా మొదలై, ఆమె బదిలీతో ముగుస్తుంది.

ఏడో తరగతి, ఆరు రోజులు

పది రోజుల్లో ఆరింటిని మట్టికి కేటాయించారనుకుందాం. ముందు తేల్చాల్సింది నెల. వినాయక చవితి, నవరాత్రి బొమ్మల కొలువు, కార్తీక దీపాలు, పొంగల్ కుండలు వరుసగా వస్తాయి. ఆగస్టు నుంచి జనవరి మధ్య దాకా పనివాడికి తీరిక ఉండదు. పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం పుదుచ్చేరిని తడుపుతుంది. మట్టి ఆరదు. మార్చిలో వార్షిక పరీక్షలు. మిగిలేది పొంగల్ తరువాతి జనవరి చివరి వారం, ఫిబ్రవరి. విద్యాశాఖ తన క్యాలెండర్ చూసి నవంబర్‌లో తేదీ వేస్తే కార్యక్రమం కాగితం మీదే జరుగుతుంది.

మొదటి రోజు పెద్దలది. కోసపాళయం పట్టణంలో పేట కాబట్టి ఇక్కడ ‘గ్రామ పెద్దలు’ అంటే వీధిలో డెబ్భై ఏళ్లు దాటినవాళ్లే. వాళ్లకు సన్మానం చేసి, ప్రసంగించమంటే పిల్లలకు మిగిలేదేమీ లేదు. మూడు ప్రశ్నలు అడగాలి. మట్టి ఏ చెరువు నుంచి వచ్చేది, తవ్వడానికి ఎవరి అనుమతి కావాల్సి వచ్చేది, ఇప్పుడు ఎక్కడి నుంచి కొంటున్నారు? జవాబులను పిల్లలు పటం మీద గుర్తిస్తారు. చెరువులు, ఊరి విస్తరణ, ఉమ్మడి వనరుల మీద హక్కు అనే సాంఘిక శాస్త్ర పాఠం ఆ పటంలోనే ఉంది.

రెండో రోజు పనివాడు మట్టి పిసకడం, సారె తిప్పడం చూపిస్తాడు. ప్రతి పిల్లవాడూ ఒక సెంటీమీటరు మందంతో ఒక పలక చేసి, దాని మీద సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీస్తాడు. తరువాత వారం పాటు పలకలు నీడలో ఆరుతాయి. తొందరపడి ఎండలో పెడితే అంచులు ముందు ఆరి వంకర తిరుగుతాయి, పగుళ్లిస్తాయి. తడి మిగిలిపోతే ఆవంలో ఆవిరి పుట్టి పలక పగిలిపోతుంది.

మూడో రోజు గీతను మళ్లీ కొలుస్తారు. అది 9.4 సెంటీమీటర్లు అయిందనుకుందాం. నాలుగో రోజు పనివాడు ఆవం కాలుస్తాడు. పిల్లలు దూరం నుంచే చూడాలి. చల్లారాక కొలిస్తే 9.2. అంటే మొత్తం ఎనిమిది శాతం కుదింపు. ఇక్కడ లెక్కల మాస్టారు పని మొదలవుతుంది. 23 సెంటీమీటర్ల ఎత్తు కుండ కావాలంటే పచ్చిగా ఎంత ఎత్తు చేయాలి? చాలామంది ఎనిమిది శాతం కలిపి 24.84 అంటారు. అది తప్పు. 23ను 0.92తో భాగించాలి, 25 వస్తుంది. పొడవు ఎనిమిది శాతం తగ్గితే ఘనపరిమాణం ఎంత తగ్గుతుంది? దాదాపు 22 శాతం. పనివాడికి ఈ తేడా చేతికి తెలుసు. పిల్లవాడికి ఇప్పుడు అంకెల్లోనూ తెలుస్తుంది.

అదే పలకతో సైన్సు టీచరు ఇంకోటి చేయొచ్చు. ఆరిన ముక్కను నీళ్లలో వేస్తే మళ్లీ బురదవుతుంది. కాలిన ముక్క కాదు. భౌతిక మార్పుకూ రసాయన మార్పుకూ తేడా చెప్పడానికి ఇంతకన్నా సులువైన ప్రయోగం దొరకదు.

అయిదో రోజు వ్యాపారులది. ప్రమిదలు అమ్మే దుకాణం, మొక్కల నర్సరీ, స్టోన్‌వేర్ తయారీదారు ముగ్గురి దగ్గరా పిల్లలు ఒకే పట్టిక నింపుతారు: మట్టి, కట్టెలు, కూలి, పగిలిపోయినవి, రవాణా, అమ్మకపు ధర. వందలో ఎన్ని పగులుతాయో రాయకుండా లాభం లెక్క వేస్తే అది తప్పుతుందని అక్కడే తెలుస్తుంది.

పూర్వ విద్యార్థులు ఆరు రోజులూ ఉంటారు. వాళ్ల నుంచి బడికి కావాల్సింది ఫ్యాన్లు, బెంచీలు కాదు, భాష. పాఠ్యపుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, పనివాడి మాట తమిళంలో ఉంది. అదే బడిలో చదివి ఇప్పుడు కాలేజీలోనో ఉద్యోగంలోనో ఉన్న యువతే ఆ రెంటినీ కలపగలదు. ఆరో రోజు పిల్లల నోటు పుస్తకాలను దిద్దే పని కూడా వాళ్లదే. తమిళనాడు 2024లో బడి కమిటీల్లో పూర్వ విద్యార్థులకు చోటిచ్చింది. చోటిచ్చాక ఏ పని ఇవ్వాలన్నదానికి ఇదొక జవాబు.

సరిహద్దు అవతలి అనుమానం

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కుమ్మరి పేటలో కుమ్మరి పాఠం అనగానే తమిళ సమాజానికి గుర్తొచ్చేది 1953. ఆనాటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడుల్లో రోజుకు మూడు గంటలే చదువు పెట్టి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. దాన్ని ‘కులకల్వి’ అని ద్రావిడ ఉద్యమం ఎదిరించింది. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఎత్తేసింది. ఆ జ్ఞాపకం చల్లారలేదు. కుమ్మరంతో సహా 18 వృత్తులకు కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకాన్ని, కుటుంబ వృత్తి షరతు తొలగించకుండా అమలు చేయబోమని 2024 నవంబర్‌లో తమిళనాడు చెప్పింది.

ఈ అనుమానాన్ని రాజకీయమని కొట్టిపారేయలేం. మట్టి పాఠం రెండు రకాలుగానూ నడవొచ్చు. ఏ దారిన నడుస్తోందో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. తరగతిలోని పిల్లలందరూ మట్టి పట్టుకుంటున్నారా, లేక ‘ఇది మీకు ముందే వచ్చు కదా’ అని పనివాళ్ల పిల్లలనే ముందుకు తోస్తున్నారా? ఆ పాఠం చదువు గంటల్లో భాగమా, చదువుకు బదులా? పిల్లలు చేసిన వస్తువును ఎవరైనా అమ్ముకుంటున్నారా? అమ్మితే అది నేర్చుకోవడం కాదు, కూలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని చట్టం నిషేధించింది. మిగిలిన నాలుగు రోజులు కోసపాళయం పిల్లలు కుమ్మరం కాక వేరేది చూస్తున్నారా? కుమ్మరి బిడ్డ ఆ రోజుల్లో ఆసుపత్రి ల్యాబునో విద్యుత్ సబ్‌స్టేషన్‌నో చూడకపోతే, ఆ బడి ఆ బిడ్డకు ఇంటి గోడలనే మళ్లీ చూపించినట్టు.

ఇంకో గుర్తు డబ్బు. దినకూలి పోగొట్టుకుని బడికి వచ్చిన పనివాడికి శాలువా ఇచ్చి పంపితే మరుసటి ఏడాది రాడు. నాలుగు రోజుల కూలి, మట్టి, కట్టెల ఖర్చు ప్రణాళికలో రాసి, బడి ఖాతా నుంచి చెల్లించాలి. చెల్లించినప్పుడే ఆయన అతిథి కాకుండా ఉపాధ్యాయుడవుతాడు. కులవృత్తి బోధనకూ జ్ఞాన బోధనకూ అసలు తేడా అక్కడుంది. మొదటి దాంట్లో తండ్రి తన కొడుక్కి ఊరికే నేర్పుతాడు. రెండో దాంట్లో ఒక నిపుణుడు అందరి పిల్లలకూ జీతానికి నేర్పుతాడు.

ఫలితం తెలుసుకోవడానికి ప్రదర్శన అక్కర్లేదు. మూడు వారాల తరువాత పరీక్షలో ఒక ప్రశ్న చాలు: ఆరు శాతం కుదించుకునే మట్టితో 47 సెంటీమీటర్ల కూజా కావాలంటే పచ్చిగా ఎంత ఎత్తు చేయాలి? తరగతిలో సగం మంది 50 అని రాస్తే ఊరు పాఠంలోకి వచ్చినట్టు. రాయలేకపోతే, ఎన్ని ఫొటోలు పెట్టినా, ఊరు బడి గేటు దగ్గరే ఆగినట్టు.