రూ.99 ప్లానర్‌.. చేతికొచ్చేదెంత?

గ్రూప్‌-2కు చదువుతున్న తిరుపతి ఎస్వీయూ మిత్రుల కోసం మీరో డిజిటల్‌ స్టడీ ప్లానర్‌ తయారుచేశారనుకోండి. ధర రూ.99. గమ్‌రోడ్‌లో పెడితే మీ లింక్‌ ద్వారా జరిగే ప్రతి అమ్మకంపై 10 శాతం, అదనంగా 50 సెంట్లు తీసుకుంటుంది. డాలరు రూ.85 లెక్కన చూసినా కనీసం రూ.52 పోయినట్టే. అంటే సగానికి పైనే! అదే రేజర్‌పే పేమెంట్‌ లింక్‌ అయితే 2 శాతం ఛార్జీ, దానిపై జీఎస్టీ కలిపి పోయేది రూ.2.34. చిన్న ధరకు ఇదే నయం.

కాకపోతే ఫైల్‌ పంపే పని మీదే. అందరికీ తెరుచుకునే డ్రైవ్‌ లింక్‌ ఇస్తే అది సాయంత్రానికి వాట్సాప్‌ గ్రూపుల్లో తిరుగుతుంది. దానికి బదులు పీడీఎఫ్‌ ప్రతి పేజీ అడుగున కొన్నవారి ఈమెయిల్‌ ముద్రించి పంపండి. కాపీ ఆగదు కానీ, ఎవరి ఫైల్‌ బయటికొచ్చిందో తెలుస్తుంది. చెరిపేసేవాళ్లూ ఉంటారు.

చట్టం మీవైపే. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. ఓ టీచర్‌ పాఠాలు అనుమతి లేకుండా పంచిన కేసులో ఆ ఛానెళ్ల వాళ్ల వివరాలివ్వాలని 2022లో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. కానీ రూ.99 కోసం కోర్టుకెళ్తారా?

గ్రూప్‌-2 మెయిన్స్‌ తేదీనే చూడండి. 2024 జులై 28 నుంచి 2025 జనవరి 5కు, చివరికి ఫిబ్రవరి 23కు మారింది. తేదీ మారిన ప్రతిసారీ కొత్త ప్లానర్‌ కొన్నవాళ్లకే ఉచితంగా పంపండి. కాపీ కొట్టినవాడి దగ్గర పాతదే మిగులుతుంది.