పన్నెండు నెలలు కాదు, పదమూడు

మన ఫైనలియర్ కబుర్లలో ఈ మధ్య ఒక మాట ఎక్కువగా వినిపిస్తోంది: "కొన్నాళ్లు జాబ్ చేసి, ఓ ఏడాది మానేసి గేట్‌కి కూర్చుంటా." మంచిదే. కానీ ఎంత డబ్బు కావాలని అడిగితే చాలామంది నెల ఖర్చుని పన్నెండుతో హెచ్చవేసి చెప్పేస్తారు. ఆ లెక్క దగ్గరే నాకు పేచీ.

గేట్ పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో. సీట్ల రౌండ్లు మే నుంచి జులై దాకా సాగుతాయి. అంటే జులైలో జాబ్ మానేస్తే చదువు ఏడెనిమిది నెలలు, ఎదురుచూపులు మరో ఐదు నెలలు. చదివే నెలల్లో డబ్బు గురించి అందరం జాగ్రత్తగానే ఉంటాం. జేబు ఖాళీ అయ్యేది ఆ ఎదురుచూపుల్లోనే. సీటొచ్చాక ఫీజు కట్టలేక పక్కింటివైపు చూడాల్సి వస్తుంది.

మాది మూలపేట. మా పెద్దమ్మ కొడుకు వేసుకున్న లెక్క చెబుతాను. విశాఖలో జాబ్, చేతికొచ్చేది నెలకు రూ.22,000. గది, తిండి, బస్సులకు 10,000, ఇంటికి 3,000 పోగా 9,000 మిగిలేది. ఇరవై నెలల్లో రూ.1,80,000 అయింది. శ్రీకాకుళంలో ఇద్దరు కలిసి ఉండే గది, మెస్సు, ఫోను అన్నీ కలిపి నెలకు 8,000 అనుకున్నాడు. పదమూడు నెలలకు 1,04,000. దరఖాస్తు, టెస్ట్ సిరీస్, ప్రయాణాలకు 6,000. సీటొచ్చాక కట్టే ఫీజు, హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెలల ఖర్చులకు 40,000. మిగతా 30,000 ఆపదకి.

ఆ 40,000 ఎందుకంటే, గేట్‌తో ఎంటెక్‌లో చేరినవాళ్లకి నెలకు రూ.12,400 స్టైపెండ్ ఉన్నా, అది మొదటి నెలే చేతికొస్తుందని నమ్ముకోకూడదు.

వాడు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇది. 1,04,000ని ఒకే ఖాతాలో ఉంచలేదు. 8,000 చొప్పున పదమూడు ఎఫ్‌డీలు చేశాడు, ప్రతి నెలా మొదటి వారంలో ఒకటి చేతికొచ్చేలా. జీతం ఆగిపోయినా జీతం పడుతున్నట్టే ఉంటుంది. గడువుకి ముందే ఎఫ్‌డీని తీయాల్సి వచ్చిందంటే ఆ నెల చెయ్యి దాటిందని అక్కడే తెలిసిపోతుంది. వరసగా రెండు నెలలు అలా జరిగితే గది మార్చాలి గానీ చేరే ఖర్చుల డబ్బు ముట్టకూడదు. జాబ్ మానేసే ముందు రెండు నెలలు 8,000తోనే బతికి చూశాడు కూడా. కాగితం మీద లెక్క సరిపోయినా కడుపుకి సరిపోకపోవచ్చు కదా.

ఖర్చు తగ్గించేటప్పుడు తిండి మీద, టెస్ట్ సిరీస్ మీద కోత పెట్టొద్దని నా అభిప్రాయం. పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితం, పాత ప్రశ్నపత్రాలూ అంతే. అందుకే కోచింగ్ ఫీజు తగ్గించుకోవచ్చు.

"మరి ఇంట్లోనే ఉంటే గది అద్దె కూడా మిగులుతుంది కదా?" అంటారు. మన ఊళ్లలో సంగతి తెలిసిందే. "ఖాళీగానే ఉన్నావు కదరా, ఓసారి జీడితోటకి వెళ్లిరా" అంటారు. తర్వాత ఓ పెళ్లి, ఆ తర్వాత కరెంటు బిల్లు. అద్దె మిగులుతుంది, గంటలు పోతాయి. అందుకే చదివే నెలలు బయట, పరీక్ష అయ్యాక ఇల్లు. మార్చి నుంచి జులై వరకు ఐదు నెలలు ఇంట్లో 3,000తో గడిస్తే 25,000 వెనక్కొస్తుంది. ఆపదల డబ్బుకి అది తోడవుతుంది.

ఆ ఆపదల డబ్బు అవసరమా అనేవాళ్లు 2018 అక్టోబరు 11ని గుర్తు చేసుకోండి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన ఆ రోజు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఒక్కపూటలో కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. అలాంటి పూట ఇంటికి పంపాల్సిందే. ఎంతవరకు పంపగలమో మాత్రం ముందే అమ్మానాన్నలతో కూర్చుని అనుకోవాలి. మావాడు 30,000 అని చెప్పి ఉంచాడు.

ఇంత లెక్క ఎందుకు, అప్పు తెస్తే పోలా అంటే: ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి లక్షా ఎనభై వేలు తెస్తే, వడ్డీయే నెలకు 3,600. గదీ మెస్సుల ఖర్చులో దాదాపు సగం. పుస్తకం తెరిచిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది. నన్నడిగితే ఆ ఇరవై నెలలు ఆలస్యం కాదు, చదువులో మొదటి భాగమే.