ఎరుపు మాత్రం అంత ఈజీ కాదు!

ఫ్రాన్స్‌లోని షార్ట్ర్ చర్చిలో సుమారు 800 ఏళ్ల నాటి రంగుల గాజు కిటికీలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి నీలం, ఎరుపు పైన పూసిన పెయింట్ కాదు, కరిగిన గాజులోనే కలిపిన లోహాలు. నీలానికి కాస్త కోబాల్ట్ ఆక్సైడ్ చాలు. తలనొప్పంతా ఎరుపుతోనే.

ఎరుపు రావాలంటే రాగి కలపాలి. కొలిమిలో గాలి ఎక్కువైతే అదే రాగి ఆకుపచ్చ రంగిస్తుంది. తీరా ఎరుపు వచ్చినా, గాజు మందమంతా అదే ఉంటే వెలుగు దాటక నల్లగా కనిపిస్తుంది. అందుకే రంగులేని గాజులో పల్చటి ఎర్ర పొరలు వచ్చేలా ఊదేవాళ్లు. పగిలిన ముక్క అంచు చూస్తే ఆ పొరలు తెలిసిపోతాయి.

తర్వాత సున్నం పూసిన బల్లమీద బొమ్మ గీసేవాళ్లు. దాని ప్రకారం, కాల్చిన ఇనుప కడ్డీతో గాజుకి పగులు తెప్పించి ముక్కలు చేసేవాళ్లు. రెండు వైపులా గాడి ఉన్న సీసపు పట్టీల్లో వాటిని బిగించి, పట్టీలు కలిసేచోట టంకం వేసేవాళ్లు.

సీసం మెత్తన కాబట్టి ఏ వంపుకైనా తిరుగుతుంది. నాకు నచ్చిన పాయింట్ ఏంటంటే, దాని బలహీనతా అదే. పెద్ద కిటికీ బరువుకి, గాలికి అది వంగిపోతుంది. అందుకే చిన్న చిన్న పలకలుగా చేసి ఇనుప చట్రానికి బిగించారు. ఈసారి ఆ కిటికీ ఫోటో జూమ్ చేసి చూడండి. సన్నగా మెలికలు తిరిగే నల్ల గీతలు సీసం, మందంగా ఉన్నవి ఇనుము.