ఏడు కేసులతో రేటు తేలదు

సంపాదకులకు,

అరుదైన వ్యాధుల సర్వేకు ‘ఒక శాతం అటూ ఇటూ కచ్చితత్వం చాలు’ అన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. అప్పట్లో నాచారంలో, ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తల నవజాత శిశు పరీక్షలనే చూడండి. హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షిస్తే, పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథి లోపం 2,575 మందిలో ఒకరికి ఉందని తేలింది. ఆ లెక్కన దొరికినవి సుమారు ఏడు కేసులు. ఏడు కేసులు దొరికినప్పుడు అసలు రేటు 1,300లో ఒకటి కావచ్చు, 6,500లో ఒకటీ కావచ్చు.

రేటు 2,500లో ఒకటి, అంటే 0.04 శాతం అనుకుందాం. ఒక శాతం తేడాకు ఒప్పుకుంటే నమూనా పరిమాణ సూత్రం 16 మంది శిశువులు చాలంటుంది. వారిలో ఒక్క కేసైనా దొరకడం కష్టం. తేడా ఆ రేటులో ఐదో వంతు మించకూడదంటే 2.4 లక్షల మంది కావాలి. ఎందుకంటే అంచనా నిలిచేది దొరికిన కేసుల మీదే. ఐదో వంతు కచ్చితత్వానికి దాదాపు 96 కేసులు అవసరం; వ్యాధి పదింతలు అరుదైతే శిశువులూ పదింతలు కావాలి.

ఇకపై రేటుతోపాటు కేసుల సంఖ్య కూడా ప్రచురించండి.

— ఒక పాఠకురాలు, ఉప్పల్