నూటికి ఎంత అన్నది సరే, ఏ నూటికి?

నిరుద్యోగంపై ఢిల్లీలో వాగ్వాదం చెలరేగిన ప్రతిసారీ ఒక గ్రాఫు ఫొటో దేశమంతా తిరుగుతుంది. విలేకరుల సమావేశంలో తెరపై చూపినదాన్నో, నివేదికలోని పుటనో ఎవరో ఫోనుతో ఫొటో తీస్తారు. గంట గడవకముందే అది హిందీలో, తమిళంలో, తెలుగులో ప్రత్యక్షమవుతుంది. అంకెలు మాత్రం ఏ భాషలోనైనా అవే. వాటి చుట్టూ ఉన్న నాలుగు ముక్కలే మారతాయి. నిలువు గీత పక్కన రాసిన కొలమానం, రంగుల వివరం, శీర్షిక, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ. ఆ నాలుగు ముక్కలు తప్పితే, సరైన అంకెలతోనే అబద్ధం చెప్పినట్టవుతుంది.

కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ వెలువరించే శ్రామిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) ఇందుకు తగిన ఉదాహరణ. 15 ఏళ్లు, ఆపై వయసు వారికి సంబంధించి ఆ సర్వే మూడు రేట్లను ప్రకటిస్తుంది. 2017-18లో శ్రామిక శక్తి భాగస్వామ్య రేటు 49.8, పనిచేస్తున్నవారి నిష్పత్తి 46.8, నిరుద్యోగ రేటు 6.0. 2023-24లో ఇవే వరుసగా 60.1, 58.2, 3.2. ఈ మూడింటినీ ఒకే గ్రాఫులో మూడు గీతలుగా వేయడం పరిపాటి. నిలువు గీత పక్కన ‘శాతం’ అన్న ఒక్క మాటే ఉంటుంది. తెలుగులోకి తెచ్చేవారు కూడా ఆ ఒక్క మాటే రాసి ఊరుకుంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. పని చేస్తున్నవారు, పని కోసం చూస్తున్నవారు కలిస్తేనే శ్రామిక శక్తి. అలాంటప్పుడు 60.1 నుంచి 58.2 తీసేస్తే మిగిలే 1.9 నిరుద్యోగ రేటు కావాలి కదా, 3.2 ఎలా అయిందని శ్రద్ధగల పాఠకుడు అడుగుతాడు. జవాబు సులభమే. మొదటి రెండు రేట్లు 15 ఏళ్లు దాటిన ప్రతి నూరు మందికీ లెక్క. మూడోది శ్రామిక శక్తిలో ఉన్న ప్రతి నూరు మందికి లెక్క. 60.1 మందిలో 1.9 మంది అంటే నూటికి 3.2. అలాగే 2017-18లో 49.8 మందిలో 3.0 మంది అంటే నూటికి 6.0. రెండు వేర్వేరు ‘నూర్ల’ను ‘శాతం’ అన్న ఒకే మాట కింద దాచేస్తే, నిరుద్యోగ రేటు సగానికి దగ్గరగా పడిపోయిందన్న పాలకపక్షం మాటకు గానీ, అందులో ఎంత నిజముందన్న ప్రతిపక్షం ప్రశ్నకు గానీ పాఠకుడి చేతిలో కొలబద్ద ఉండదు.

ఇక్కడ తెలుగుకు ఒక సౌలభ్యం ఉంది. ‘శాతం’ అన్న మాట దేనిలో శాతమో చెప్పకుండా తప్పించుకోగలదు. ‘నూటికి’ అనగానే ఏ నూటికి అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. కాబట్టి గీతల పేర్లను ‘15 ఏళ్లు దాటిన నూరు మందిలో పని చేస్తున్నవారు’, ‘శ్రామిక శక్తిలోని నూరు మందిలో పని దొరకనివారు’ అని రాస్తే చాలు. మాట పొడవైనా లెక్క నిలబడుతుంది.

రెండో పొరపాటు కాలానికి సంబంధించినది. 2025 మే నెలలో ఇదే సర్వే తొలిసారి నెలవారీ అంచనాలను విడుదల చేసింది. ఆ ఏడాది ఏప్రిల్‌కు నిరుద్యోగ రేటు 5.1 అని ప్రకటించింది. అంతకుముందు వార్షిక నివేదికలోని 3.2ను దీని పక్కన పెట్టి గ్రాఫు గీస్తే ఏడాది తిరిగేలోపే నిరుద్యోగం విజృంభించినట్టు కనిపిస్తుంది. కానీ ఆ రెండూ ఒకే కొలత కావు. వార్షిక నివేదికలోని 3.2ను ‘యూజువల్ స్టేటస్’ పద్ధతిలో లెక్కించారు. ఆ పద్ధతిలో గడచిన 365 రోజుల్లో మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చూస్తారు. ఏడాదిలో ఎక్కువ కాలం వేరే స్థితిలో ఉన్నా కనీసం 30 రోజులు పని చేసి ఉంటే అనుబంధ స్థితి కింద పనివారిలోనే చేరుస్తారు. నెలవారీ అంచనా ‘కరెంట్ వీక్లీ స్టేటస్’ పద్ధతిలోనిది. అది గత 7 రోజులను మాత్రమే చూస్తుంది. ఆ వారంలో ఒక్క గంటైనా పని దొరకక, పని కోసం చూసిన లేదా పనికి సిద్ధంగా ఉన్న వ్యక్తి నిరుద్యోగి. కూలి పనులు లేని వారంలో అడిగితే నిరుద్యోగిగా తేలే వ్యక్తి ఏడాది లెక్కలో పనివాడిగానే ఉంటాడు. అందుకే వారపు కొలతలో రేటు ఎక్కువగా కనిపిస్తుంది. 2023-24 సంవత్సరానికే వారపు పద్ధతిలో రేటు 4.9. కాబట్టి 5.1ను పోల్చాల్సింది 3.2తో కాదు. అయితే 2025 జనవరి నుంచి సర్వే నమూనా పద్ధతిని కూడా మార్చారు. 4.9తో పోల్చేటప్పుడు సైతం ఆ సంగతి చెప్పవలసిందే.

మూల గ్రాఫులో ఈ తేడా అంతా అడుగున ఒక్క పంక్తిలో ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు ముందుగా కోతకు గురయ్యేది ఆ పంక్తే. మిగిలినా అనువాదంలో చిక్కులు వస్తాయి. ‘యూజువల్ స్టేటస్’ను ‘మామూలు పరిస్థితి’ అంటే, కరవులూ మహమ్మారులూ లేని రోజుల లెక్క కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. ‘గత ఏడాది కాలాన్ని బట్టి’, ‘గత వారాన్ని బట్టి’ అని రాస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది. పారిభాషిక పదానికి పారిభాషిక పదం వెతకడం కన్నా అది చేసే పనిని చెప్పడమే ఇక్కడ సరైన అనువాదం. ‘2023-24’ అన్నది కూడా అలాంటిదే. అది ఆర్థిక సంవత్సరం కాదు. 2023 జూలై నుంచి 2024 జూన్ వరకు. అడ్డ గీత కింద ఆ నెలలు చెప్పకపోతే పాఠకుడు బడ్జెట్ సంవత్సరం అనుకోవడం సహజం.

మూడోది రంగుల వివరం. రాజకీయంగా అన్నిటికన్నా సున్నితమైనదీ ఇదే. మహిళల్లో పని చేస్తున్నవారు పెరిగారన్న వాదనకు ఆధారంగా చూపే గ్రాఫులో పనివారిని రకాలుగా విడగొడతారు. స్వయం ఉపాధి, నెలజీతం, దినకూలి. స్వయం ఉపాధిలో మళ్లీ ‘హెల్పర్ ఇన్ హౌస్‌హోల్డ్ ఎంటర్‌ప్రైజ్’ అన్న తరగతి ఉంటుంది. దాన్ని ‘ఇంటి సహాయకులు’ అని తెలుగు చేస్తే పరాయి ఇళ్లలో అంట్లు తోమి జీతం తీసుకునే పనిమనుషులు కళ్లముందు మెదులుతారు. ఆ తరగతిలో ఉన్నవారు నిజానికి సొంత పొలంలోనో, కుటుంబం నడిపే కొట్టులోనో, మగ్గం మీదనో జీతం లేకుండా పని చేసే ఇంటివారు. 2023-24లో పనిచేస్తున్న మహిళల్లో మూడో వంతుకు పైగా ఈ తరగతిలోనే ఉన్నారు. మహిళల ఉపాధి పెరుగుదలలో ఆదాయం చేతికి రాని పని ఎంత అన్నదే అసలు చర్చ. రంగు పక్కన ఒక్క మాట మారితే ఆ చర్చే మాయమవుతుంది. ‘కుటుంబ వృత్తిలో జీతం లేని సహాయకులు’ అని రాయడానికి చోటు చాలదనడం సాకు మాత్రమే. చోటు చాలకపోతే రంగుల పక్కన క, ఖ, గ అని గుర్తులు వేసి, పూర్తి పేర్లు గ్రాఫు కింద ఇవ్వవచ్చు. ఫొటోలో తెర వెలుగుకు నీలం, ఆకుపచ్చ కలిసిపోయినప్పుడు కూడా ఆ గుర్తులే ఆదుకుంటాయి.

ఇక ఫొటో వల్లనే వచ్చే ఇబ్బందులు. పక్క నుంచి తీసిన ఫొటోలో దూరంగా ఉన్న దిమ్మె పొట్టిగా కనిపిస్తుంది. ఎత్తును కంటితో అంచనా వేసి అంకె రాయకూడదు, అడ్డంగా ఉన్న గళ్ల గీతలను పట్టుకుని చదవాలి. నిలువు గీత సున్న నుంచి కాక 2 నుంచి మొదలైందనుకుందాం. అప్పుడు 6.0 దిమ్మె, 3.2 దిమ్మెకు మూడింతలకు పైగా పొడవు ఉంటుంది. నిజమైన తేడా రెండింతలు కూడా లేదు. తెలుగు అక్షరాలు అతికించే తొందరలో ఆ అడుగు అంకెను కప్పేస్తే మోసం పూర్తవుతుంది. అంకెను అలాగే ఉంచి, ‘గీత 2 నుంచి మొదలవుతుంది’ అని కింద చెప్పడం అనువాదకుడి బాధ్యత. కొలమానం మార్చేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. ‘మిలియన్లు’ తీసి ‘కోట్లు’ అని రాసి, గీత మీది 1,400ను అలాగే వదిలేస్తే దేశ జనాభా పదింతలవుతుంది. మాట మారిస్తే అంకె 140 కావాలి. లేదా రెండూ ముట్టకూడదు. నిలువు గీత వెంట పేరును నిలువుగా తిప్పి రాయడం ఆంగ్లానికి నప్పుతుంది గానీ వత్తులు, గుణింతాలు ఉన్న తెలుగుకు నప్పదు. గీత పైభాగాన అడ్డంగా రాస్తే చదువుకోవచ్చు.

ఫొటోలో అడుగు పంక్తి కనిపించకపోతే చేయవలసింది ఊహించి పూరించడం కాదు. సర్వే నివేదికలు మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. గ్రాఫులోని ఒకటి రెండు అంకెలను అక్కడి పట్టికతో సరిచూస్తే అది ఏడాది లెక్కో వారం లెక్కో తేలిపోతుంది. తేలకపోతే ‘లెక్కింపు పద్ధతి ఫొటోలో కనిపించడం లేదు’ అని రాయడమే నిజాయతీ. ఆ వాక్యం పార్టీల ప్రచార విభాగాలకు రుచించదు. తెలుగులో రాజకీయం చదివే పాఠకుడికి మాత్రం ఢిల్లీలో ఆంగ్ల నివేదిక చదివే విశ్లేషకుడికి ఉన్నంత హక్కు ఆ అడుగు పంక్తి మీద ఉంది. దాన్ని వదిలేసి గ్రాఫును మాత్రమే తెలుగులోకి తేవడమంటే తీర్పును చేతికిచ్చి సాక్ష్యాన్ని దాచుకోవడమే.